‘వెంటనే’ అంటే ఎన్ని సెకన్లు?

“పాలు పోసిన రైతుకు వెంటనే ఎస్ఎంఎస్ వెళ్లాలి. నెట్‌వర్క్ లేకపోతే అవసరాన్ని బట్టి మళ్లీ పంపాలి.”

ఒక డెయిరీకి పాల సేకరణ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నప్పుడు మా చేతికొచ్చిన పత్రంలో ఈ రెండు వాక్యాలున్నాయి. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో ఇలా ముందుగా రాసుకునే వాక్యాన్ని రిక్వైర్‌మెంట్ అంటారు. వీటిని నేనూ చదివాను, బాగానే ఉన్నాయనుకుని సంతకం పెట్టాను. రెండు నెలల తర్వాత ఒక పల్లెలో సాయంత్రం పూట 5.8 లీటర్ల పాలు పోసిన రైతు ఫోన్‌కి ఒకే మెసేజ్ పదకొండు సార్లు వెళ్లింది. చివరిది వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మర్నాడు పొద్దున ఆయన ఫోన్ పట్టుకుని కేంద్రానికి వచ్చి, “ఇందులో ఏది నా లెక్క?” అని అడిగాడు. ఆ పూట మెసేజ్‌లు ఎక్కువెక్కువ వచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

ఎవరి తప్పో తేల్చుదామని కూర్చుంటే ముగ్గురూ నిజమే చెప్పారు. ప్రోగ్రామర్ అన్నది ఇది: “కేంద్రం నుంచి పంపాక సర్వర్ జవాబు రాలేదు. జవాబు రాలేదంటే మళ్లీ పంపడం అవసరమే కదా సార్, వచ్చేదాకా పంపాను.” టెస్టర్ తన కాగితాలు చూపించింది. ఇంటర్నెట్ తీగ ఊడదీసింది, మళ్లీ పెట్టింది, మెసేజ్ వెళ్లింది, పాస్ అని రాసింది. డెయిరీ అధికారి మాత్రం ఆశ్చర్యపోయాడు. ఆయన మనసులో ‘అవసరం’ అంటే రైతు వచ్చి నాకు మెసేజ్ రాలేదని అడిగినప్పుడు! ఒక్క మాటను ముగ్గురూ మూడు రకాలుగా చదువుకుని, ముగ్గురూ తమ పని సరిగ్గా చేశారు.

తెలుగులో రాసుకునే రిక్వైర్‌మెంట్లకు ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువని నా అనుభవం. ‘పంపాలి’ అన్న మాట ఒక్కటే తప్పనిసరికీ సరిపోతుంది, పంపితే మంచిదన్న సలహాకూ సరిపోతుంది. ఇంగ్లీషువాళ్లు కూడా ఇక్కడ తడబడ్డవాళ్లే. అందుకే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రంలో ఆ మాటలకు అర్థాలు కట్టేసుకున్నారు. దాని ప్రకారం ‘మస్ట్’ అంటే తప్పించుకునే వీల్లేదు. ‘షుడ్’ అంటే బలమైన కారణం ఉండి, పర్యవసానాలు పూర్తిగా ఆలోచించుకున్నాకే పక్కన పెట్టవచ్చు. ‘మే’ అంటే చేసేవాడి ఇష్టం. మనకు అలాంటి ఒప్పందం లేదు కాబట్టి ఆ రోజు నుంచి మేమే ఒకటి పెట్టుకున్నాం. పత్రంలో ‘-ఆలి’ అని ఉంటే అది తప్పనిసరి, దానికి పరీక్ష ఉండి తీరాలి. ఉంటే బాగుంటుంది అనిపించేవన్నీ ‘కోరికలు’ అన్న వేరే పేజీలోకి పోతాయి. ఆ పేజీ చూసి ఎవరూ డబ్బు ఆపరు, ఎవరూ పాస్ ఫెయిల్ రాయరు.

ఇంకొకటి, తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా నడుస్తుంది. “అవసరాన్ని బట్టి మళ్లీ పంపాలి.” ఎవరు? కేంద్రంలో కూర్చున్న ఆపరేటరా, అక్కడి కంప్యూటరా, డెయిరీ సర్వరా? మాట్లాడుకునేటప్పుడు ఎదుటివాడి ముఖం చూసి అర్థం చేసుకుంటాం. పత్రంలో ఆ ముఖం ఉండదు. ‘తగు చర్యలు తీసుకోవలెను’ అనే ఆఫీసు భాషలో పెరిగినవాళ్లం కాబట్టి కర్త కనిపించకపోయినా మనకు వెలితి తోచదు. పని చేసేది ఎవరో పేరు పెట్టి రాసేసరికి మా పత్రంలో సగం తగువులు అప్పుడే బయటపడ్డాయి.

తర్వాత ‘వెంటనే’ దగ్గరికి వచ్చాం. ఇలాంటి మాట కనిపించగానే చాలామంది ఏదో ఒక అంకె వేసేస్తారు. రెండు సెకన్లు అనో, ఐదు సెకన్లు అనో. అది ఇంకో రకం తప్పు. ఎవరికీ అక్కర్లేని అంకె కోసం సర్వర్ల మీద డబ్బు పోస్తాం, అసలు కావలసింది మాత్రం దొరకదు. అంకె పెట్టేముందు ఎందుకు అని అడగాలి. అధికారిని అడిగితే ఆయన చెప్పిన కారణం చాలా సరైనది: “కొలతలో తేడా ఉంటే రైతు అక్కడ ఉండగానే అడగాలి. ఇంటికెళ్లాక అడిగితే ఆ పాలు ఎక్కడుంటాయి?”

అందుకని ఒక పూట కేంద్రంలో గడియారం పట్టుకుని నిల్చున్నాను. రైతు క్యాను దించుతాడు, శాంపిల్ తీస్తారు, మిషన్ ఫ్యాట్ చూపిస్తుంది, తూకం వేస్తారు, ఆపరేటర్ సేవ్ నొక్కుతాడు, స్లిప్పు వస్తుంది. ఆ నొక్కు దగ్గర నుంచి రైతు క్యాను కడుక్కుని గుమ్మం దాటేదాకా చూస్తే దాదాపు 40 సెకన్లు పట్టింది. మా ‘వెంటనే’కి అంకె అక్కడ దొరికింది, 30 సెకన్లు.

అంకె దొరికినా పని కాలేదు, మొదలూ చివరా తేల్చాలి. సేవ్ నొక్కిన క్షణం మొదలు. మరి చివర? రైతు ఫోన్ మోగడం అని రాయబుద్ధి అవుతుంది. కానీ ఆయన ఫోన్ ఆపేసి ఉండవచ్చు, ఊళ్లో సిగ్నల్ లేకపోవచ్చు, టెలికం కంపెనీ ఆలస్యం చేయవచ్చు. మన చేతిలో లేనిదాన్ని మన సాఫ్ట్‌వేర్ నెత్తిన పెడితే ఆ పరీక్ష ఎప్పుడు ఎందుకు ఫెయిల్ అయిందో ఎవరూ చెప్పలేరు. డెయిరీ సర్వర్ ఆ మెసేజ్‌ని ఎస్ఎంఎస్ కంపెనీకి అప్పగించిన క్షణం మన చేతిలో ఉన్న చివరి మెట్టు, దాని సమయం సర్వర్ లాగ్‌లో నమోదవుతుంది. దాన్నే చివరగా తీసుకున్నాం. ప్రతి ఒక్కటీ 30 సెకన్లలో పోవాలంటే ఒక్క చిన్న కుదుపుకే ఫెయిల్ రాయాలి కాబట్టి, 200 ఎంట్రీల్లో కనీసం 196 అని పెట్టాం. మిగిలిన నాలుగు రైతులకు చేతిలో స్లిప్పు ఉంటుందని అధికారి ఒప్పుకున్నాకే ఆ అంకె రాశాం.

ఇప్పుడు అసలు చిక్కు, ‘అవసరాన్ని బట్టి’. ముందు ఆ సాయంత్రం ఏం జరిగిందో అర్థం చేసుకోవాలి. ఇంటర్నెట్ పూర్తిగా పోలేదు, వస్తూ పోతూ ఉంది. కేంద్రం పంపిన ఎంట్రీ సర్వర్‌కి చేరింది, సర్వర్ మెసేజ్ పంపేసింది కూడా. కానీ ‘అందింది’ అన్న జవాబు తిరుగుదారిలో తప్పిపోయింది. కేంద్రం కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు, మళ్లీ పంపింది. సర్వర్‌కి అది పాత ఎంట్రీయేనని తెలియదు, మళ్లీ మెసేజ్ కొట్టింది. తీగ పూర్తిగా ఊడదీసి చేసిన పరీక్షలో ఇది ఎప్పటికీ కనపడదు. అక్కడ పోవడం ఉంటే రావడమూ ఉంటుంది, లేకపోతే రెండూ ఉండవు.

ఇలాంటి సందర్భాలు రాయడానికి ఒక పద్ధతి ఉంది. విమాన ఇంజిన్లు చేసే రోల్స్-రాయిస్‌లో అలిస్టర్ మేవిన్, ఆయన సహచరులు 2009లో ప్రకటించారు. పేరు ‘ఈయర్స్’. ప్రతి రిక్వైర్‌మెంట్‌నీ కొన్ని అచ్చుల్లోనే పోయాలంటుంది: ఎప్పుడూ జరగాల్సింది, ఒకటి జరిగినప్పుడు జరగాల్సింది, ఒక స్థితి ఉన్నంతసేపు జరగాల్సింది, ఏదైనా చెడితే జరగాల్సింది, ఒక సదుపాయం ఉన్నచోట మాత్రమే జరగాల్సింది. ఇంగ్లీషులో ఇందుకోసం షరతును బలవంతంగా వాక్యం ముందుకు తేవాలి. మనకు ఆ కష్టం లేదు. ‘అయితే’, ‘ఉన్నంతసేపు’, ‘నొక్కగానే’ అంటూ తెలుగు షరతుతోనే మొదలవుతుంది. కర్తను వదలకపోతే చాలు.

మా రెండు వాక్యాలు చివరికి ఇలా తేలాయి:

“ఆపరేటర్ సేవ్ నొక్కినప్పుడు, ఇంటర్నెట్ ఉంటే, డెయిరీ సర్వర్ ఆ ఎంట్రీ మెసేజ్‌ని 30 సెకన్లలోపు ఎస్ఎంఎస్ కంపెనీకి అప్పగించాలి, 200 ఎంట్రీల్లో కనీసం 196కు ఇలా జరగాలి.

“సర్వర్ జవాబు 20 సెకన్లలో రాకపోతే, కేంద్రం కంప్యూటర్ అదే ఎంట్రీ నంబరుతో 5 నిమిషాలకొకసారి, జవాబు వచ్చేదాకా మళ్లీ పంపాలి.

“ఒకే ఎంట్రీ నంబరు ఎన్నిసార్లు వచ్చినా, డెయిరీ సర్వర్ ఆ నంబరుకు ఒక్క మెసేజే అప్పగించాలి.

“రాత్రి 9 నుంచి ఉదయం 5 గంటల మధ్య ఉన్నంతసేపు, డెయిరీ సర్వర్ రైతులకు మెసేజ్‌లు అప్పగించకూడదు, దాచి ఉంచి 5 గంటల తర్వాత పంపాలి.”

రెండు వాక్యాలు నాలుగయ్యాయి, పొడవూ పెరిగింది. కానీ ప్రతి దాని పక్కనా టెస్టర్ ఆ మధ్యాహ్నమే పరీక్ష రాయగలిగింది. మూడోదానికి ఆమె చేసింది చూడండి. కేంద్రం నుంచి సర్వర్‌కి దారి తెరిచే ఉంచి, సర్వర్ నుంచి వచ్చే జవాబులను మాత్రం ఒక గంటపాటు ఆపేసింది. గంట తర్వాత సర్వర్ లాగ్‌లో ఆ ఎంట్రీ నంబరు పదిసార్లకు పైగా వచ్చినట్టు ఉంది, ఎస్ఎంఎస్ కంపెనీకి వెళ్లింది మాత్రం ఒక్కటే. అది రెండయితే ఫెయిల్. వాదనకు చోటు లేదు.

ఒక వాక్యం తేలిందో లేదో తెలుసుకోవడానికి ఇప్పటికీ మేం చేసేది ఇదే. ప్రోగ్రామర్‌నీ టెస్టర్‌నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇది ఫెయిల్ అయిందని ఎప్పుడంటారో తలా ఒక కాగితం మీద రాయమంటాం. రెండు కాగితాలూ కలవకపోతే వాక్యం ఇంకా పచ్చిగానే ఉందన్నమాట. ‘సకాలంలో’, ‘ఎప్పటికప్పుడు’, ‘వీలైతే’, ‘తగినంత’, ‘వగైరా’ ఉన్న వాక్యాల దగ్గర కాగితాలు కలిసిన సందర్భం నాకు గుర్తులేదు.

ఇంత చేసినా పత్రంలో ఒక వాక్యం మిగిలిపోయింది: “మెసేజ్ రైతుకు సులభంగా అర్థం కావాలి.” దీనికి సెకన్లు లేవు, లాగ్ లేదు. తీసేద్దామంటే అన్నిటికన్నా విలువైనది అదే. చివరికి మనుషులతోనే కొలవాలనుకున్నాం. ఆ మెసేజ్ అంతకుముందు చూడని పది మంది రైతులకు చూపించి, “ఈ పూట మీకెంత డబ్బు వచ్చింది?” అని అడిగినప్పుడు, ఎవరి సాయమూ లేకుండా కనీసం తొమ్మిది మంది సరిగ్గా చెప్పాలి. అలా రాసి, కేంద్రానికి వెళ్లి అడిగాం.

ఆరుగురే చెప్పారు. ఒక పెద్దామె ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, “ఆరున్నర లీటర్లు అంటోంది, నేను పోసింది నాలుగే కదయ్యా,” అంది. ఆమె చదివింది ఫ్యాట్ అంకె, 6.5. అందరికంటే ముందు కనిపించేది అదే, పక్కన ‘F’ అన్న అక్షరం తప్ప ఏమీ లేదు. ఆ రాత్రే మెసేజ్ మార్చాం. మొదట డబ్బు, తర్వాత లీటర్లు, చివర ఫ్యాట్, మూడింటి పక్కనా తెలుగులో పేర్లు. వారం తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో పది మందిని అడిగితే పది మందీ చెప్పారు.