బోర్డు మీది బాణం ఎటు పోయింది?

ఉగాది భోజనాల జాబితా గ్రూపులో పెట్టిన పావుగంటకి మా పక్క బ్లాకు అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పరమాన్నంలో పల్లీలు వేయకూడదని రాశారేంటి? పరమాన్నంలో పల్లీలు ఎవరేస్తారు? మనం అనుకున్నది పులిహోరకి కదా!" అంది.

తీసి చూస్తే నిజమే. పరమాన్నం పక్కన "పల్లీలు వద్దు" అని ఉంది, పులిహోర వరుసలో ఆ మాటే లేదు. మీటింగులో ఆ మాట అడిగి రాయించింది ఆ అమ్మాయే. వాళ్ళ ఆరేళ్ళ బాబుకి వేరుశెనగ పడదు. ఒకసారి తెలియక తింటే పెదవులు వాచి, ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తారు. పులిహోర చేస్తానన్న పెద్దావిడ ఆరోజు మీటింగుకి రాలేదు. ఆవిడకి చేరేది ఈ జాబితా ఒక్కటే. అందులో ఏముంటే అదే చేస్తారు.

జాబితా నేను చేతితో టైపు చేసింది కాదు. ఇక్కడ సింగపూరులో మేం మీటింగులు పెట్టుకునే గది గంటల లెక్కన దొరుకుతుంది. టైము అవగానే బోర్డు తుడిచి తాళం ఇచ్చేయాలి. అందుకని వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నుంచి వైట్‌బోర్డుకి ఒక ఫోటో తీశాను. ఇంటికొచ్చాక దాన్ని, ఫోటోలో ఉన్న రాత చదివి టైపు చేసి ఇచ్చే ఏఐ మోడల్‌కి ఇచ్చాను. ఆఫీసులో వారం వారం చేసే పనే. అక్షరదోషం లేకుండా, వరుసలు తీర్చి వచ్చింది. అంత శుభ్రంగా ఉండేసరికి ఇంకోసారి చూడాలనిపించలేదు.

ఫోన్ పెట్టేశాక ఫోటో పెద్దది చేసి, జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా సరిచూశాను. ఇంకో తప్పు దొరికింది. పులిహోరకి బియ్యం 4.5 కిలోలని రాసుకుంటే జాబితాలో 9.5 అని ఉంది. బోర్డు మీది 4 నేనే రాశాను. పైన నోరు తెరిచి ఉండే 4 అది. ఫోటోలో ఆ నోరు మూసుకుపోయింది.

ఎందుకు మూసుకుపోయిందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. ఫోన్ తీసే ఫోటో వెడల్పు సుమారు 4000 చుక్కలు, అంటే పిక్సెళ్ళు. కానీ మోడల్ చాలాసార్లు అవన్నీ చూడదు. మెసేజీలో పంపినప్పుడు ఒకసారి, మోడల్‌కి ఎక్కించేటప్పుడు ఇంకోసారి ఫోటో చిన్నదైపోతుంది. 1600 చుక్కలకు తగ్గిందనుకుందాం. మా బోర్డు వెడల్పు 180 సెంటీమీటర్లు. నేను గుమ్మం దగ్గర నుంచి తీశాను కాబట్టి ఫోటోలో సగం బోర్డయితే, మిగతా సగం గోడా, కుర్చీలూ, సంచులు సర్దుకుంటున్న మనుషులూను. అంటే బోర్డు వాటాకి 800 చుక్కలు. సెంటీమీటరుకి నాలుగున్నర కూడా రావు. మూడు సెంటీమీటర్ల అక్షరానికి 13 చుక్కలు. నేను రాసిన 4 పైన ఉన్న అర సెంటీమీటరు ఖాళీకి రెండంటే రెండు చుక్కలు!

దానికి తోడు మోడల్ మనలా గీత వెంట కన్ను తిప్పి చదవదు. ఫోటోని లెక్కల పుస్తకంలో గళ్ళలాగా చిన్న చిన్న చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరాన్నీ అంకెలుగా మార్చుకుంటుంది. 2020లో గూగుల్ పరిశోధకులు ఈ పద్ధతి మీద రాసిన వ్యాసంలో ఒక్కో గడి 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు. ఇప్పటి మోడళ్ళలో గడి కొలతలు వేరువేరుగా ఉన్నా ఆలోచన అదే. మూడు సెంటీమీటర్ల నా అక్షరం మొత్తం ఒక్క గడిలో ఇరుక్కుపోయిందన్నమాట.

ఈ ఇబ్బంది ఇంగ్లీషు కంటే మన తెలుగుకి ఎక్కువ. మనకి అక్షరం కింద ఒత్తు, పైన గుడి, ఏత్వం, ఒత్వం ఉంటాయి. అసలు అక్షరంలో మూడో వంతు కూడా ఉండని ఆ గుర్తులే మాటని మార్చేస్తాయి. అక్షరానికి 13 చుక్కలైతే ఒత్తుకి దక్కేది నాలుగు.

మర్నాడు మా పిల్లల బోర్డు మీద అదే జాబితా మళ్ళీ రాసి, దూరం నుంచీ దగ్గర నుంచీ రకరకాలుగా ఫోటోలు తీసి చూశాను. "పప్పు" అన్న మాట దూరం ఫోటోలో కూడా సరిగ్గానే వచ్చింది. ఒత్తు కనబడి కాదు, భోజనాల జాబితాలో అక్కడ రావాల్సిన మాట అదే కాబట్టి. అదే దూరం నుంచి తీస్తే "దొండకాయ వేపుడు" కాస్తా "బెండకాయ వేపుడు" అయింది. ఎందుకంటే రెండూ కూరలే, రెండూ వేపుడు చేసుకునేవే.

నాకు అసలు విషయం అక్కడ బోధపడింది. అక్షరం మసకగా ఉన్నచోట మోడల్ చుట్టుపక్కల మాటల్ని బట్టి పూరిస్తుంది. పూరించిన మాట అక్కడికి అతికినట్టే ఉంటుంది, కాబట్టి తప్పని మనకి అనిపించదు. అందుకే వాక్యాల కంటే అంకెల్లోనూ, మనుషుల పేర్లలోనూ, ఒకదాని బదులు ఇంకొకటి రాసినా నప్పే మాటల్లోనూ తప్పులు ఎక్కువ. 4.5 కిలోల బియ్యమైనా 9.5 కిలోల బియ్యమైనా వాక్యం వాక్యమే.

మరి బోర్డుని ఎలా తీస్తే బాగుంటుంది? రెండడుగులు ముందుకేయడమే మొదటి మందు. బోర్డుకి ఎదురుగా, మధ్యలో నిలబడి, ఫోటో నిండా బోర్డే ఉండేలా తీస్తే అక్షరానికి 27 చుక్కలు వస్తాయి. బోర్డుని రెండు సగాలుగా, మధ్యలో ఒక చారెడు రెండింటిలోనూ పడేలా రెండు ఫోటోలు తీస్తే సుమారు 50. నా 4 నోటికి రెండు చుక్కల బదులు ఎనిమిది వచ్చి, అది 4 గానే నిలబడింది. పక్కనున్న మనుషులూ పిల్లలూ ఫోటోలో పడరన్నది ఇంకో లాభం. ఎవరికైనా పంపేటప్పుడు నాణ్యత తగ్గించకుండా పంపే ఎంపిక ఉంటే అదే వాడండి.

రెండోది వెలుతురు. వైట్‌బోర్డు నున్నగా ఉంటుంది కాబట్టి పైనున్న ట్యూబులైటు అందులో తెల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఆ పట్టీ కింద పడిన రాత ఫోటోలో ఉండదు. తరువాత ఎంత దిద్దినా తిరిగి రాదు. పైగా మోడల్ అక్కడ ఖాళీ ఉందని చెప్పకుండా తరువాతి వరుసకి వెళ్ళిపోవచ్చు. అందుకని ఫ్లాష్ ఆపేసి, బోర్డు ముందున్న లైటు కూడా ఆపేయండి. వీలుకాకపోతే పట్టీ రాత మీది నుంచి జరిగేదాకా ఒక అడుగు పక్కకి వెళ్ళి తీయండి. నల్ల మార్కరు, ముదురు నీలం మార్కరు బాగా పడతాయి. ఆరిపోయిన ఎర్ర మార్కరు, లేత ఆకుపచ్చ మార్కరు మన కంటికి ఆనినా ఫోటోలో తెలుపులో కలిసిపోతాయి. అంకె మార్చాల్సివస్తే వేలితో తుడిచి దాని మీదే రాయకండి. కింది అంకె నీడ మిగిలి రెండూ కలిసిపోతాయి. అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాయండి.

ఇక బాణం సంగతి. బోర్డు నిండిపోయాక "పల్లీలు వద్దు" అన్న మాటని కుడివైపు కింద మూల రాసి, అక్కడి నుంచి పైనున్న పులిహోర దాకా ఒక పొడుగాటి బాణం వేశాం. ఆ మూల పక్కన ఉన్నది పరమాన్నం. రాస్తున్నప్పుడు అక్కడున్న వాళ్ళందరికీ బాణం ఎటు పోతుందో తెలుసు. మోడల్‌కి బాణం తెలియదని కాదు, కానీ ఇంకో రెండు గీతల్ని దాటుకుంటూ పోయే సన్నటి గీతని చివరిదాకా పట్టుకుని వెళ్ళడం దానికి కష్టం. ఏ మాటకి ఏ మాట దగ్గరగా ఉందో చూసి ఆ రెండింటినీ కలిపేస్తుంది. దగ్గర నుంచి తీసిన మంచి ఫోటోలో కూడా, నా ప్రయోగంలో రెండుసార్లకి ఒకసారి ఆ హెచ్చరిక పరమాన్నానికే పోయింది. ఇది ఫోటోతో తీరేది కాదు, రాతలోనే తీరాలి. బాణం బదులు మాటే మళ్ళీ రాయాలి: "పులిహోరలో పల్లీలు వద్దు". నాలుగక్షరాలు ఎక్కువ రాస్తే ఆ మాట బోర్డులో ఏ మూలన ఉన్నా అర్థం మారదు.

అంకెలకి కూడా అలాంటి కాపలా ఒకటుంది. ఉత్త 4.5 అని కాకుండా, "60 మంది, ఒక్కొక్కరికి 75 గ్రాములు, మొత్తం 4.5 కిలోలు" అని లెక్కంతా రాయండి. అప్పుడు 9.5 అని వచ్చినా 60ని 75తో హెచ్చవేసిన ఎవరికైనా తప్పు దొరికిపోతుంది.

చివరికి సరిచూడటం. ఇప్పుడు నేను ఒకే బోర్డుకి రెండు చోట్ల నిలబడి రెండు ఫోటోలు తీసి, రెండింటినీ వేరువేరుగా చదివిస్తాను. రెండు జాబితాలూ కలవని చోట అసలు ఫోటో పెద్దది చేసి చూస్తాను. చదవలేని చోట ప్రశ్నార్థకం పెట్టాలని సూచనలో రాస్తాను. అది కొంత పనిచేస్తుంది గానీ, మసకమాటని సరిగ్గానే చదివాననుకున్న చోట మోడల్ ఆ గుర్తు పెట్టదు. రెండు జాబితాలూ ఒకే తప్పు చేస్తే ఈ పద్ధతికీ దొరకదు. బాణాల విషయంలో జరిగేది అదే. కాబట్టి అంకెలు, పేర్లు, "వద్దు" అన్న మాటలు, ఈ మూడూ మీటింగులో ఉన్న మనిషి కంటితో చూడాల్సిందే. మా జాబితాకి అందుకు రెండు నిమిషాలు పడుతుంది.

ఆ రాత్రే పులిహోర చేసే పెద్దావిడకి ఫోన్ చేసి చెప్పాను. "నేను పల్లీలు ముందే వేయించి పెట్టుకున్నానే!" అన్నారావిడ. పండగనాడు పులిహోరలో జీడిపప్పు పడింది. బాబుకి జీడిపప్పు పడుతుందని వాళ్ళమ్మని అడిగాకే వేశారు.