మంచం కొనేముందు తలుపు గీయండి

ఫ్లాట్ బ్రోచర్‌లో మంచం, వార్డ్‌రోబ్ బొమ్మలు గదిలో ముచ్చటగా ఒదిగి ఉంటాయి. గది కొలత రాస్తారు కానీ ఆ మంచం కొలత రాయరు. అందుకే ఆ బొమ్మను నమ్మి సామాను కొనకూడదు. మన ప్లాను మనమే గీసుకోవాలి. కావలసినవి టేపు, గ్రాఫ్ కాగితం, కంపాస్, కత్తెర అంతే.

ముందు గదిని కొలవండి. గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిస్తే అంగుళం దాకా తగ్గొచ్చు కాబట్టి, పూత పూర్తయిన గోడ నుంచి గోడకే టేపు పట్టాలి. గోడలు ఎప్పుడూ సరిగ్గా నిటారుగా ఉండవు. రెండు మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా తక్కువది రాసుకోండి. తర్వాత అడుగుకు రెండు సెంటీమీటర్ల లెక్కన కాగితం మీదికి దించండి. పది అడుగుల గోడ ఇరవై సెంటీమీటర్లవుతుంది, మూడంగుళాలు అర సెంటీమీటరు. మంచం, వార్డ్‌రోబ్‌లను కూడా అదే లెక్కలో అట్టముక్కలుగా కత్తిరించుకుంటే కాగితం మీద జరిపి చూసుకోవచ్చు.

ఒక మామూలు రెండో పడగ్గదిని తీసుకుందాం. తూర్పు పడమరలు 10 అడుగులు, ఉత్తర దక్షిణాలు 11. పడమటి గోడకు కిటికీ. తలుపు దక్షిణం గోడకు, పడమటి మూల పక్కన ఉంది. దాని రెక్క వెడల్పు 3 అడుగులు, మూలకూ రెక్కకూ మధ్య 4 అంగుళాలు. ఉత్తరం గోడ పొడవునా 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ కావాలి. తూర్పు తలగా మంచం వేయాలి.

పరుపు 5 అడుగులంటే మంచం కూడా అంతే అనుకుంటాం. చట్రం, తలవైపు పలక కలిపి బయటి కొలత 5 అడుగుల 2 అంగుళాలు, పొడవు 6 అడుగుల 9 అంగుళాలు అనుకుందాం. అట్టముక్క ఈ బయటి కొలతకే కత్తిరించాలి. వార్డ్‌రోబ్ పోగా మిగిలిన 9 అడుగుల్లో మంచం పోతే 3 అడుగుల 10 అంగుళాలు మిగులుతాయి. వార్డ్‌రోబ్ ముందు మనిషి నిలబడి బట్టలు తీసుకోవడానికి రెండున్నర అడుగులు వదిలితే, దక్షిణం వైపు 1 అడుగు 4 అంగుళాలే దక్కుతుంది. అక్కడ పక్కకు తిరిగి నడవాలి. దుప్పటి మార్చడానికి చాలు, పెద్దవాళ్లు రాత్రిపూట లేచి తిరగడానికి చాలదు. వాళ్లను వార్డ్‌రోబ్ వైపే పడుకోబెట్టాలి.

ఇప్పుడు తలుపు. బందులున్న చోట కంపాస్ ముల్లు గుచ్చి, మూడడుగుల వ్యాసార్థంతో పావు వృత్తం గీయండి. బందులు పడమర వైపుంటే రెక్క తెరుచుకుని పడమటి గోడకు ఆనుకుంటుంది, మంచం మూలకు దాదాపు రెండున్నర అంగుళాల దూరంలో సాగిపోతుంది. అవే బందులు తూర్పు వైపుంటే తెరిచిన రెక్క మంచం కాళ్లవైపు అంచుకే తగులుతుంది, దక్షిణం వైపు సందునూ మూసేస్తుంది. తలుపు బిగించకముందే ఇది గీసుకుంటే కార్పెంటర్‌తో బందులు మార్పించడం పెద్ద పనేమీ కాదు.

ఇదే గదిలో ఆరడుగుల పరుపు పెడితే? బయటి వెడల్పు 6 అడుగుల 2 అంగుళాలు. వార్డ్‌రోబ్ ముందు రెండున్నర అడుగులు పోతే దక్షిణాన మిగిలేది నాలుగంగుళాలు. తలుపు గీత మంచం మూలను తాకుతుంది. షాపులో బాగా కనిపించిన మంచం ఇంట్లో తలుపును ఆపేది ఇలాగే.

వార్డ్‌రోబ్‌లోనూ ఒక మెలిక ఉంది. రెక్క తెరిచినప్పుడు మనిషి ఎదురుగా నిలబడతాడు కాబట్టి రెండున్నర అడుగులు సరిపోతాయి. సొరుగు అలా కాదు. అడుగున్నర బయటికి వస్తే, దాని ముందు నిలబడడానికి ఇంకో అడుగున్నర కావాలి. మొత్తం మూడడుగులు. కాబట్టి సొరుగులు మంచం ఎదురుగా పెట్టకూడదు. మంచం కాళ్లవైపు పడమటి గోడ దాకా 3 అడుగుల 3 అంగుళాల ఖాళీ ఉంది, సొరుగులు దానికి ఎదురుగా రావాలి. ఆ ఖాళీ మళ్లీ తలుపు నుంచి వార్డ్‌రోబ్‌కు దారి కూడా. తలుపు గీతా నడిచే దారీ ఒకదానిమీద ఒకటి పడినా ఇబ్బంది లేదు, రెండూ ఒకేసారి వాడం. రెండు రెక్కల గీతలు కలిస్తే మాత్రం ఒకటి మార్చక తప్పదు.

డ్రెస్సింగ్ టేబుల్ సంగతి అడుగుతారేమో. పడమటి గోడకు అడుగున్నర లోతు టేబుల్ వేస్తే దారి 1 అడుగు 9 అంగుళాలకు కుంచించుకుపోతుంది. ఈ గదిలో అది వద్దు, వార్డ్‌రోబ్ రెక్కకే అద్దం బిగించుకోండి.

ప్లాను కుదిరాక సుద్దముక్కతో నేలమీద మంచం గీసి, చుట్టూ నాలుగుసార్లు నడిచి చూడండి. ఆ తర్వాతే కార్పెంటర్‌కు అడ్వాన్సు ఇవ్వండి.