ఏజెన్సీని మార్చితే ఫైళ్లు ఎవరివి?

గుంటూరులో ఒక పచ్చళ్ల కంపెనీ ఉందనుకుందాం. నెలకు 2 లక్షల రిటైనర్ మీద యాడ్ ఏజెన్సీని పెట్టుకుంది. సంక్రాంతికి హోర్డింగులు వేశారు, వీడియోలు తిప్పారు. అమ్మకాలు మాత్రం నిరుటి దగ్గరే ఆగిపోయాయి. యజమానికి ఒళ్లు మండి, "రేపట్నుంచి రావద్దు, ఈ నెల బిల్లు కూడా ఇవ్వను" అనబోతాడు. ఆ మాట అన్నాడో, ఒప్పందం తప్పింది తనే అవుతాడు.

ప్రచారం పారకపోవడం వేరు, ఒప్పందం తప్పడం వేరు. ఇన్ని అమ్మకాలు తెస్తామని ఏజెన్సీ సాధారణంగా రాసివ్వదు. ఇన్ని డిజైన్లు, ఇన్ని వీడియోలు చేస్తామంటుంది, చేస్తుంది. అందుకే తప్పులు నిరూపించే పని పెట్టుకోకుండా, కారణం చెప్పనక్కర్లేని ముగింపు నిబంధనను వాడుకోవడం మేలు. 60 రోజుల నోటీసు అని ఉంటే రెండు నెలల ఫీజు 4 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 72 వేలు కట్టాల్సిందే. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలని ఒప్పందంలో ఉంటే, వాట్సాప్ మెసేజ్‌తో గడువు మొదలైందా లేదా అన్న పేచీ వస్తుంది. ఉత్తరంలో నిబంధన సంఖ్య, ముగిసే తేదీ, ఫైళ్లు అందాల్సిన తేదీ ఉంటే చాలు. కోపం అందులోకి రానివ్వకండి.

డబ్బు కడుతున్న ఆ రెండు నెలలే ఫైళ్లు తీసుకోవడానికి అదను. ఏజెన్సీలు తరచూ పీడీఎఫ్‌లు, జేపీజీలు ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. రేపు లేబుల్ మీద ధర మార్చాలంటే అవి పనికిరావు. కావలసినవి .psd, .ai, .indd లాంటి ఓపెన్ ఫైళ్లు. వాటిని వేరే డిజైనర్ కంప్యూటర్‌లో తెరిపించండి. ఫాంట్ లేదనో, బొమ్మ దొరకలేదనో హెచ్చరిక వస్తే అప్పగింత పూర్తికానట్టే. తెలుగు ఫాంట్లలో ఇది మరీ ఎక్కువ. ఫాంట్ లైసెన్సు ఏజెన్సీ పేరిట ఉంటే మీరు విడిగా కొనుక్కోవాలి. మోడల్ ఫొటోను ఎన్నాళ్లు వాడొచ్చో ఆ ఒప్పందం కాపీ అడగండి. ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ యాడ్స్ ఖాతాలకు మీ మనిషి అడ్మిన్ అయ్యాకే ఆఖరి చెక్కు ఇవ్వండి.

డబ్బిచ్చాం కనుక అన్నీ మనవే అనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు, ఫిల్ములు మీవే. ప్రకటనలోని రాత, లేబుల్ డిజైన్ మాత్రం హక్కు రాసిచ్చేదాకా సాధారణంగా ఏజెన్సీవే. 19వ సెక్షన్ కింద ఆ బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. అదే లేబుల్‌తో డాలస్‌లోని తెలుగువాళ్లకు ఆవకాయ పంపే కంపెనీ ఆ రెండూ రాయించుకుని తీరాలి.