రెండక్షరాలతో మారిపోయే జవాబు

‘ద్వీపకల్ప భారతంలో పడమరకు ప్రవహించే నదులు, ఐ.ఇ. నర్మద, తపతి, అరేబియా సముద్రంలో కలుస్తాయి.’ ఒప్పా, తప్పా?

పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థి చాలావరకు ఒప్పనే గుర్తు పెడతాడు. నర్మద పడమరకే పారుతుంది, తపతీ అంతే. రెండూ కలిసేది అరేబియా సముద్రంలోనే. అయినా ఈ వాక్యం తప్పు. పడమరకు పారేవి ఆ రెండే కావు. మహి, సబర్మతి ఉన్నాయి, కర్ణాటకలో శరావతి ఉంది, కేరళలో పెరియార్ ఉంది. నదుల పేర్లకు ముందున్న ఐ.ఇ. అనే పొట్టి మాట ‘ఈ రెండే’ అని చెప్పేసింది. దాని చోట ఇ.జి. పెట్టి చూస్తే వాక్యంలో మరో అక్షరం మార్చకుండానే అది ఒప్పవుతుంది.

ఆంగ్ల ప్రశ్నపత్రాల్లో ఈ రెండూ e.g., i.e. అనే రూపాల్లో కనిపిస్తాయి. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. మొదటిది ‘ఎగ్జెంప్లి గ్రాషియా’కు పొట్టి రూపం, ఉదాహరణ కోసం అని అర్థం. రెండోది ‘ఇద్ ఎస్త్’, అంటే ‘అది ఏమిటంటే’. మన తరగతి గదుల్లో ఇ.జి. అంటే ‘ఎగ్జాంపుల్ గివెన్’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ విస్తరణ నిజం కాదు గానీ, గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది, దారి తప్పించదు. చిక్కంతా ఐ.ఇ. దగ్గరే. దాన్ని కూడా ఉదాహరణలకు వాడుకునే అలవాటు ప్రశ్నలు రాసేవారిలోనూ ఉంది.

ఏది ఎక్కడ సరిపోతుందో తేల్చుకోవడానికి వాక్యాన్నే పరీక్షించవచ్చు. ఐ.ఇ.కి అటూ ఇటూ ఉన్నవి ఒకదానికొకటి సమానం కావాలి, చోట్లు మార్చి రాసినా నిజం చెడకూడదు. ‘దక్షిణాది రాష్ట్రాల్లో సముద్రతీరం లేనిది, ఐ.ఇ. తెలంగాణ’ అన్నప్పుడు తిప్పి చదివినా ఇబ్బంది లేదు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ, కర్ణాటకలన్నిటికీ తీరం ఉంది, లేనిది తెలంగాణకే. ఇక్కడ ఇ.జి. పెడితే తీరం లేని దక్షిణాది రాష్ట్రం ఇంకొకటి ఉందన్న భ్రమ కలుగుతుంది. ఇ.జి. రాసిన చోట ‘ఇంకా ఉన్నాయా?’ అని అడిగితే ఉన్నాయనే జవాబు రావాలి. రాకపోతే అక్కడ ఇ.జి.కి పని లేదు.

ఒక్కోసారి ఒకే చోట రెండూ సరిపోతాయి. ‘మోనోట్రీములు, ఐ.ఇ. గుడ్లు పెట్టే క్షీరదాలు, ఏ ఖండంలో కనిపిస్తాయి?’ అని అడగవచ్చు. ‘మోనోట్రీములు, ఇ.జి. ప్లాటిపస్, ఏ ఖండంలో కనిపిస్తాయి?’ అనీ అడగవచ్చు. రెండింట్లోనూ తప్పు లేదు, కానీ ప్రశ్నల బరువు వేరు. మొదటిది నిర్వచనం మాత్రమే చెప్పి ఊరుకుంది, ఏ జంతువు గురించి అడుగుతున్నారో అభ్యర్థే ఊహించుకోవాలి. రెండోది ప్లాటిపస్ పేరు చెప్పేసింది, ఆ జంతువును ఎరిగినవాడికి ఆస్ట్రేలియా వెంటనే తట్టేస్తుంది. ప్రశ్న తేలికగా ఉండాలా, కష్టంగా ఉండాలా అన్నది తేల్చుకున్నాకే ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఐ.ఇ. తర్వాత ఇచ్చిన జాబితాకు కాలదోషం కూడా పడుతుంది. ‘భారత ప్రభుత్వం గుర్తించిన ప్రాచీన భాషలు, ఐ.ఇ. తమిళం, సంస్కృతం, తెలుగు, కన్నడం, మలయాళం, ఒడియా’ అన్న వాక్యం 2014 నుంచి పదేళ్ల పాటు నిక్కమే. తెలుగుకు ఆ హోదా 2008లో వచ్చింది, చివరగా చేరింది ఒడియా. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీలకూ ఆ హోదా ఇవ్వడంతో సంఖ్య పదకొండుకు చేరింది. పాత ప్రశ్నల నిధిలో ఆ వాక్యం ఇంకా అలాగే ఉంటే ఇప్పుడది తప్పు. అదే ఆరు పేర్లను ఇ.జి. తర్వాత రాసి ఉంటే ఈరోజుకీ చెక్కుచెదరదు. పాత ప్రశ్నలను మళ్లీ వాడేవారు ముందుగా వెతకాల్సింది ఐ.ఇ. ఉన్న వాక్యాలనే.

‘మొదలైనవి’ అనే అర్థంలో వాడే ఎట్సెట్రాతో ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఇ.జి. అన్నప్పుడే ఇవి కొన్ని మాత్రమేనని చెప్పినట్టు, చివర ఎట్సెట్రా చేరిస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది. అది చిన్న దోషం. ఐ.ఇ.తో మొదలుపెట్టి ఎట్సెట్రాతో ముగిస్తే మాత్రం వాక్యం తనను తానే ఖండించుకుంటుంది. ‘ఇవే’ అని మొదలై ‘ఇంకా ఉన్నాయి’ అని ముగిసే వాక్యానికి ఒప్పు, తప్పు నిర్ణయించడం ఎవరికీ సాధ్యం కాదు.

ప్రశ్నల్లోనే కాదు, జవాబు ఎలా రాయాలో చెప్పే సూచనల్లోనూ ఇవి వస్తాయి. 2018 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో సంఖ్యనే జవాబుగా ఇవ్వాల్సిన విభాగం ఒకటి ఉంది. రెండో దశాంశ స్థానం వరకు ఇవ్వాలని చెబుతూ ఇ.జి. పెట్టి 6.25, 7.00, -0.33 వంటి సంఖ్యలు చూపారు. ఆ ఎంపికలో ఆలోచన ఉంది. 7.00 చూసినవాడికి పూర్ణాంకాన్ని ఎలా రాయవచ్చో తెలుస్తుంది, -0.33 చూసినవాడికి రుణ సంఖ్య కూడా జవాబు కావచ్చని అర్థమవుతుంది. అక్కడ ఐ.ఇ. ఉండి ఉంటే ఆ సంఖ్యల్లోనే ఏదో ఒకటి జవాబని చదువుకోవాల్సి వచ్చేది. ఇలా నమూనాగా ఇచ్చే సంఖ్య అసలు జవాబు కాకుండా చూసుకోవడం కూడా ప్రశ్న రాసేవారి బాధ్యతే.

చుక్కల సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అమెరికన్ పద్ధతిలో చుక్కలు పెట్టి, తర్వాత కామా కూడా రాస్తారు. బ్రిటిష్ పత్రికల్లో కొన్ని చుక్కలే వదిలేస్తాయి. ఒక ప్రశ్నపత్రమంతా ఒకే తీరు ఉంటే చాలు.

అసలు ఈ పొట్టి మాటలు అవసరమా అన్న ప్రశ్నకు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ GOV.UK 2016లో ఒక దారి ఎంచుకుంది. ఇ.జి., ఐ.ఇ., ఎట్సెట్రాల వాడకాన్ని క్రమంగా మానేయాలని నిర్ణయించింది. చూపు లేనివారికి తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఇ.జి.ని ‘ఎగ్’ అని, అంటే గుడ్డు అని పలుకుతున్నట్టు తేలడం అందుకు ఒక కారణం. ఇంగ్లిష్ మాతృభాష కానివారు వీటి దగ్గర తడబడటం మరో కారణం. మన అభ్యర్థుల్లో అత్యధికులు ఆ రెండో కోవలోనివారే.

తెలుగు రాష్ట్రాల నియామక పరీక్షల్లో ప్రాథమిక కీ వెలువడ్డాక అభ్యంతరాలు స్వీకరిస్తారు. నర్మద, తపతి వాక్యం లాంటిది ఒకటి పేపర్లో పడితే, ఒప్పన్నవాడికీ తప్పన్నవాడికీ ఇద్దరికీ వాదన దొరుకుతుంది. చదివి వచ్చిన అభ్యర్థికి ఒక మార్కు ఎంత విలువైనదో ప్రశ్నలు కూర్చేవారికి తెలియనిది కాదు. ఆంగ్ల ప్రశ్నలో ‘ఫర్ ఎగ్జాంపుల్’, ‘దట్ ఈజ్’ అని పూర్తిగా రాయండి. తెలుగు ప్రశ్నలో ‘ఉదాహరణకు’, ‘అంటే’ అని విడమరచి రాయండి. ‘అంటే’ తర్వాత పేర్లు ఇస్తుంటే, ఆ జాబితాలో ఒక్కటీ మిగిలిపోలేదని సరిచూసుకున్నాకే పేపర్ అచ్చుకు పంపండి.