ఫ్లూ తగ్గిన పాప సోమవారం బడికి రావచ్చా?

"జ్వరంతో బాధపడుతున్నందున రెండు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను." మన బడుల్లో తరాలుగా నడుస్తున్న సెలవు చీటీ ఇది. ఒంట్లో కాస్త నలతకో, ఊళ్లో పెళ్లికో ఈ ఒక్క వాక్యం సరిపోతుంది. పిల్లకు వచ్చింది ఫ్లూ అయితే మాత్రం సరిపోదు. టీచరుకు అప్పుడు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. జ్వరం ఏ రోజు మొదలైంది, పాప ఆఖరిసారి క్లాసులో ఏ రోజు కూర్చుంది, తిరిగి ఎప్పుడు వస్తుంది, ఆ తేదీని ఏ లెక్కన వేశారు అన్నవి. ఇందులో తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది తిరిగి వచ్చే తేదీ దగ్గరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగో తరగతి పాప. ఫిబ్రవరి 2, సోమవారం మామూలుగానే బడికి వెళ్లింది. సాయంత్రం ఇంటికి రాగానే పుస్తకాల సంచీ పడేసి పడుకుంది. రాత్రికి 102 డిగ్రీల జ్వరం, ఒళ్లంతా నొప్పులు, పొడి దగ్గు. మామూలు జలుబు ముక్కు కారడంతో మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ అలా కాదు, పొద్దున ఆడుకున్న పిల్లను సాయంత్రానికి మంచాన పడేస్తుంది. మన దగ్గర ఇది సాధారణంగా జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలోనూ ఆ తర్వాతా మరోసారి ఎక్కువవుతుంది. బుధవారం డాక్టరుకు చూపిస్తే ఫ్లూలాగే ఉందన్నారు. పరీక్ష రాయలేదు. తీవ్రత లేని కేసుల్లో లక్షణాలను బట్టే వైద్యం చేయడం మామూలే కాబట్టి అందులో కంగారు పడాల్సింది లేదు. అయితే చీటీలో "ఫ్లూ నిర్ధారణ అయింది" అని రాయకూడదు, "ఫ్లూ కావచ్చని డాక్టరు చెప్పారు" అని ఉన్నదున్నట్టు రాయాలి.

ఇక తేదీ లెక్క. ఫ్లూ ఉన్నవాళ్లు జ్వరం బయటపడడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్‌ను అంటిస్తారు. ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా అంటిస్తూనే ఉండొచ్చు, చిన్నపిల్లల్లో ఇంకొన్ని రోజులు కూడా పట్టొచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. అంటే మన పాప సోమవారం పగలు హుషారుగా ఉన్నప్పుడే పక్క బెంచీ పిల్లలకు అంటించి ఉండవచ్చు. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు కనబడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి ఆమె పక్కన కూర్చున్న పిల్లకు అంటుకుని ఉంటే మంగళవారం, శుక్రవారం మధ్య జ్వరం రావాలి. "సోమవారం క్లాసులో ఉంది" అన్న ఒక్క మాట రాస్తే చాలు, ఎవరిని గమనించాలో టీచరుకు అర్థమవుతుంది. క్లాసులో ఉబ్బసం ఉన్న పిల్లలుంటే, లేదా టీచరే గర్భవతి అయితే ఈ మాట ఎంత ముందు అందితే అంత మంచిది. ఈ రెండు రకాల వాళ్లకూ ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ.

పిల్లను తిరిగి పంపడానికి వైద్యులు చెప్పే కొలత ఒకటుంది. జ్వరం మందు వేయకుండా కనీసం 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి. ఇందులో "మందు వేయకుండా" అన్నదే అసలు మాట. పారాసిటమాల్ సిరప్ జ్వరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు దించి ఉంచుతుంది, వైరస్‌ను మాత్రం ఏమీ చేయదు. పొద్దున ఏడింటికి సిరప్ పోసి, ఎనిమిదింటికి చెయ్యి పెట్టి చూసి, ఒళ్లు చల్లగా ఉందని బస్సెక్కిస్తే పదకొండు పన్నెండు గంటల వేళకి జ్వరం మళ్లీ ఎక్కుతుంది. పిల్లను తీసుకెళ్లమని బడి నుంచి ఫోన్ వస్తుంది. ఆ నాలుగు గంటలూ ఆమె నలభై మంది మధ్య దగ్గుతూ కూర్చున్నట్టే. అందుకని సిరప్ ఎన్నింటికి పోశారో, జ్వరం ఎంతుందో ఒక కాగితం మీద రాసుకుంటూ పోవాలి. ఆఖరి మోతాదు పనిచేయడం మానేసిన తర్వాతే 24 గంటల లెక్క మొదలవుతుంది.

మన పాపకు ఆఖరి మోతాదు గురువారం రాత్రి తొమ్మిదింటికి పడిందనుకుందాం. దాని ప్రభావం తెల్లవారుజామున మూడింటికల్లా పోతుంది. శుక్రవారమంతా జ్వరం లేకపోతే శనివారం తెల్లవారేసరికి 24 గంటలు నిండుతాయి. లెక్క ప్రకారం శనివారం బడికి పంపొచ్చు. అయినా నేనైతే పంపమనను. జ్వరం మొదలై అప్పటికి అయిదు రోజులే, పిల్లకు ఇంకా నీరసం వదలదు, మర్నాడు ఎలాగూ ఆదివారం. 9వ తేదీ సోమవారం పంపడం మేలు. అయితే చీటీ రాసే బుధవారానికి ఇదంతా ఇంకా జరగలేదు. అందుకే ఒక తేదీ రాసి, దానికి షరతు కూడా జోడించాలి. చీటీ ఇలా ఉండొచ్చు:

"ఫిబ్రవరి 4, బుధవారం
క్లాస్ టీచర్ గారికి నమస్కారం.
మా అమ్మాయి (4వ తరగతి, బి సెక్షన్, రోల్ నంబరు 17)కి సోమవారం రాత్రి నుంచి జ్వరం, దగ్గు. ఫ్లూ కావచ్చని ఈ రోజు డాక్టరు గారు చెప్పారు. సోమవారం క్లాసుకు వచ్చింది కాబట్టి పక్కన కూర్చున్న పిల్లలను కాస్త గమనించండి. 3వ తేదీ నుంచి 7వ తేదీ వరకు సెలవు ఇవ్వగలరు. మందు వేయకుండా ఒక రోజంతా జ్వరం లేకపోతే 9వ తేదీ సోమవారం పంపిస్తాం. ఆదివారం సాయంత్రం మీకు ఖాయంగా తెలియజేస్తాం. ఈ వారం తను చదివే స్థితిలో లేదు, తప్పిన పాఠాలు వచ్చాక చెబితే చాలు.
ఇట్లు,
పాప తల్లి"

మందుల పేర్లు, రిపోర్టులు ఇందులో అక్కర్లేదు. హాజరు కోసం మెడికల్ సర్టిఫికెట్ కావాలంటే పాప తిరిగి వచ్చే రోజు విడిగా ఇవ్వొచ్చు. ఈ చీటీని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా టీచరుకు నేరుగా పంపండి. ఎవరి పిల్లకు ఏం జబ్బో గ్రూపులో ఉన్న అందరికీ తెలియనక్కర్లేదు. మిగతా తల్లిదండ్రులను అప్రమత్తం చేయాలనుకుంటే పేరు చెప్పకుండా "క్లాసులో ఒకరికి ఫ్లూ లక్షణాలు" అని టీచరే చెప్పగలరు.

ఆదివారం సాయంత్రం పంపే కబురులో ఇంకో విషయం చేర్చాలి. జ్వరం పోయినా దగ్గు రెండు వారాల దాకా ఉండొచ్చు. అది వినగానే పిల్లను ఇంటికి పంపేయకుండా ఉండాలంటే సంగతి టీచరుకు ముందే తెలియాలి. "దగ్గు ఉంది, జ్వరం శుక్రవారం నుంచి లేదు. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోనివ్వండి, ఈ వారం ఆటల పీరియడ్‌లో పరుగులు వద్దు" అని రాస్తే చాలు.

ఒక్కోసారి లెక్క తప్పుతుంది. శుక్రవారం జ్వరం పోయి, తేరుకుంటోందనుకున్న పిల్లకు ఆదివారం మళ్లీ జ్వరం వచ్చి దగ్గు పెరిగిందనుకోండి. అది ఫ్లూ మీద న్యుమోనియా లాంటిది తోడైన సూచన కావచ్చు. అలాంటప్పుడు కొత్త తేదీ కోసం ఇంట్లో కూర్చుని లెక్కలు వేయకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఎనిమిది గంటలైనా మూత్రానికి వెళ్లకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీచరుకు అప్పటికి "సోమవారం రావడం లేదు, డాక్టరుకు చూపించాక చెబుతాం" అన్న ఒక్క ముక్క పంపితే సరిపోతుంది.