చొక్కా అంచు ఎక్కడ ఆగింది?

వదులు చొక్కా కొందరి ఒంటి మీద హుందాగా ఉంటుంది. మరికొందరు అదే చొక్కా వేసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లది అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తారు. ఒకరు సన్నం, ఒకరు లావు కాబట్టి అలా ఉందని సరిపెట్టుకుంటాం. స్టైలిస్టు చూపు మాత్రం ముందుగా చొక్కా అంచు మీద పడుతుంది. అది ఒంటిని ఎక్కడ రెండుగా విడదీస్తోందన్నదే అసలు లెక్క.

టేపు పట్టి చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక యువతి ఉందనుకుందాం. నేల నుంచి ఆమె భుజం 132 సెంటీమీటర్లు, నడుము 98 సెంటీమీటర్లు. భుజం నుంచి 75 సెంటీమీటర్ల పొడవున్న ఓవర్‌సైజ్ చొక్కా వేసుకుంటే దాని అంచు తొడ మధ్యలో, నేలకు 57 సెంటీమీటర్ల ఎత్తున ఆగుతుంది. నడుము బట్టలో దాగిపోయింది కాబట్టి చూసేవాళ్ల కంటికి కాళ్లు అక్కడినుంచే మొదలవుతాయి. అంటే పైన 103, కింద 57. మనిషి పొట్టిగా, బరువుగా కనిపించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇప్పుడు అదే చొక్కా ముందుభాగాన్ని హైవెయిస్ట్ ప్యాంటులోకి దోపి, వెనక వదిలేస్తే గీత నడుము దగ్గరికి జరుగుతుంది. పైన 62, కింద 98. ఐదింట రెండు వంతులు పైన, మూడు వంతులు కింద అన్నమాట. చొక్కా మారలేదు, మనిషీ మారలేదు.

క్రాప్ టాప్ చేసే పనీ ఇదే, దోపే శ్రమ లేకుండా. పొట్ట కనిపించడం కోసమే క్రాప్ అన్నది ఒక అపోహ. ఈ యువతికే 38 సెంటీమీటర్ల పొడవున్న టాప్ కుట్టించి హైవెయిస్ట్ పలాజో మీద వేస్తే చర్మం ఇసుమంతైనా కనిపించదు. ప్యాంటు నడుము నుంచి కిందికి దిగితేనే చిక్కు. మధ్యలో చర్మం మూడో చారలా అడ్డం పడి, పొడవుగా సాగాల్సిన గీతను తెంచేస్తుంది.

ఇక వదులు ఎక్కడ, బిగుతు ఎక్కడ? 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ చూపించిన ‘బార్’ సూట్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. పైన ఒంటిని పట్టి ఉండే జాకెట్టు, కింద మడతలతో విచ్చుకున్న లంగా. ఇందులో నేర్పంతా తుంటి దగ్గర ఉంది. జాకెట్టు కింది భాగానికి లోపల మెత్తలు పెట్టి కావాలనే ఉబ్బెత్తు చేశారు. పక్కన ఉన్నది పెద్దదైతే నడుము తనంతట తానే చిన్నదిగా కనిపిస్తుంది. మన లంగావోణీలో బిగుతు రవికె, కుచ్చుల లంగా నిలబడేది కూడా ఈ సూత్రం మీదే. లూజు కుర్తా, చుడీదార్ జతలో ఇది తలకిందులవుతుంది.

క్రిస్టోబల్ బాలెన్సియాగా దారి వేరు, బహుశా ఇవాళ్టి వాళ్లకు ఎక్కువ పనికొచ్చేదీ అదే. 1950ల మొదట్లో ఆయన చేసిన సూట్లలో ముందుభాగం ఒంటికి దగ్గరగా, వెనకభాగం వదులుగా ఉండేది. కాలరును మెడకు కాస్త ఎడంగా నిలిపాడు. చేతులను మణికట్టుకు పైనే ఆపాడు. ఎంత బట్ట చుట్టినా సన్నని మెడ, సన్నని మణికట్టు బయటికి కనిపిస్తే లోపలి మనిషి కొలత కంటికి అందుతుంది. పెద్ద చొక్కా చేతులు పైకి మడవడం, పై గుండీ తీయడం, చీలమండ కనిపించే ప్యాంటు వేయడం అన్నీ ఈ కిటుకు సంతానమే.

బట్ట సహకరించకపోతే ఈ లెక్కలు తప్పుతాయి. గట్టి నూలు ఒంటికి దూరంగా నిలిచి తన ఆకారం తాను చూపిస్తుంది. మెత్తని రేయాన్ ఒంటి మీదికి జారుతుంది కాబట్టి వదులు ఉన్నా గుడారంలా ఉబ్బదు. పైన, కింద రెండూ వదులుగా వేసుకోవాలంటే కనీసం ఒకటి జారే బట్ట కావడం మేలు.

ఈ నియమాన్ని పూర్తిగా పక్కన పెట్టినవాళ్లూ ఉన్నారు. 1981లో పారిస్‌కు వచ్చిన జపాన్ డిజైనర్లు రేయ్ కవాకుబో, యోజి యమమోటో ఒంటి ఆకారంతో పనిలేకుండా బట్టకే ఆకారం ఇచ్చారు. అయితే అది కత్తిరింపులోనే పుట్టిన వదులు. రెండు సైజులు పెద్దది కొంటే వచ్చేది కాదు.

తేడా కొట్టులోనే పట్టుకోవచ్చు. ఓవర్‌సైజ్‌గానే కుట్టిన చొక్కాలో భుజం కుట్టు చేతి మీదికి జారినా మెడ సరిగ్గా కూర్చుంటుంది. ఊరికే పెద్ద సైజు కొన్నదైతే మెడ కూడా సాగి, కాలరు వెనక్కి జారుతుంది. పొడవు తగ్గించడం, చేతులు కురచ చేయడం ఏ టైలరైనా చేసిపెడతాడు. మెడ, భుజం సరిచేయాలంటే కాలరు, చేతులు ఊడదీసి దాదాపు కొత్త చొక్కా కుట్టినంత పని. అందుకే ట్రయల్ రూములో ముందు చూసుకోవాల్సింది మెడ, ఆ తర్వాతే అంచు.