ఫొటోలో ప్రకటన, చేతిలో దరఖాస్తు

వాట్సాప్‌లో తిరిగే ఉద్యోగ ప్రకటన ఫొటోలో ముందు అడుగు భాగం చూడాలి. చివరి తేదీ, ఈమెయిల్ తరచూ అక్కడే ఉంటాయి. ఫొటోలో తెగిపోయేవీ అవే. మెయిల్ చిరునామాలో సున్నా ఏదో, ‘ఓ’ అక్షరం ఏదో పెద్దది చేసి చూసుకోవాలి.

ఒక మందుల హోల్‌సేల్ దుకాణానికి అకౌంటెంట్ కావాలనుకుందాం. బీకాం, టాలీ, జీఎస్టీ రిటర్నులు, రెండేళ్ల అనుభవం అడిగారు. దరఖాస్తు చేసే అమ్మాయి బీకాం చదివి, ఆడిటర్ దగ్గర ఏడాదిన్నర పనిచేసింది.

‘‘టాలీ, జీఎస్టీ బాగా వచ్చు’’ అని రాస్తే ప్రకటననే తిప్పి చెప్పినట్టుంటుంది. యజమానికి కావాల్సింది రుజువు: ‘‘దుకాణాల బిల్లులు టాలీలో ఎక్కించి, నెలనెలా 11లోగా జీఎస్టీఆర్-1, 20లోగా జీఎస్టీఆర్-3బి సిద్ధం చేశాను.’’ గడువు తేదీలు చూడగానే ఈ పని చేసిన మనిషేనని తెలిసిపోతుంది. లేఖ మొదటి పేరా ఇదే కావాలి. డిగ్రీకి ఒక్క వాక్యం చాలు, మార్కులు రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి.

మరి తగ్గిన ఆరు నెలలు? ఏడాదిన్నరను ‘‘దాదాపు రెండేళ్లు’’ అనడం చాలామంది చేసే పని. అనుభవ పత్రం అడిగిన రోజున అది బయటపడుతుంది. ఏడాదిన్నర అనే రాసి, ఆ కాలంలో మందుల దుకాణాల లెక్కలు కూడా చూసి ఉంటే ఆ మాట పక్కనే చేర్చాలి. ప్రకటనలో ‘తప్పనిసరి’ అని ఉంటే మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.